మీ వంట ఆవిరే కారణం అన్నారు: టెక్సాస్ అద్దె ఇంట్లో బూజుతో నా అనుభవం

2023 జూన్‌లో మొదట వాసన వచ్చింది. మా ఆవిడ బియ్యం డబ్బా మూత తీసి వాసన చూసి, "బియ్యం ముక్కలేదండీ, ఇంకెక్కడి నుంచో వస్తోంది" అంది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మాది గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. అద్దె నెలకి 1,640 డాలర్లు. ఇల్లంతా వెతికితే వాసన చిన్న బెడ్‌రూమ్ క్లోజెట్‌లో తేలింది. ఇండియా నుంచి తెచ్చిన సూట్‌కేసులు అక్కడే పెట్టాం. జూలై 4 సెలవు రోజున అవి బయటికి లాగితే అడుగున కార్పెట్ తడిగా ఉంది. వెనక గోడ మీద, నేల నుంచి జానెడు ఎత్తు వరకూ నల్లటి మచ్చలు.

మన ఇళ్లలో బూజు అంటే పండగ ముందు కర్రకి చీపురు కట్టి దులిపేసేది. ఇది దులిపితే పోయే రకం కాదు. ఇక్కడి గోడలు షీట్‌రాక్, అంటే రెండు కాగితాల మధ్య జిప్సం. తడిసిన కాగితం బూజుకి తిండి. ఒకసారి తడిస్తే ఒకటి రెండు రోజుల్లోపే ఆరబెట్టాలని అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. మాది ఎన్ని రోజులుగా తడిసి ఉందో మాకే తెలియదు.

మర్నాడు, జూలై 5న, అపార్ట్‌మెంట్ పోర్టల్‌లో రిక్వెస్ట్ పెట్టాను. 7న మెయింటెనెన్స్ అతను వచ్చాడు. గోడ మీద బ్లీచ్ కొట్టి తుడిచి, మరకలు కనిపించకుండా తెల్ల ప్రైమర్ పూసి, కార్పెట్ మీద ఫ్యాన్ పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రానికి పోర్టల్‌లో "కంప్లీటెడ్" అని పడింది. సరిగ్గా తొమ్మిది రోజులకి ప్రైమర్ కిందనుంచి మచ్చలు మళ్లీ పైకొచ్చాయి.

18న లీజింగ్ ఆఫీసు నుంచి ఈమెయిల్. మా యూనిట్‌లో "నివాసి అలవాట్ల వల్ల అధిక తేమ" ఉందని, తరచూ వంట చేయడం, ఇంట్లో బట్టలు ఆరేయడం దీనికి కారణమని, బూజు శుభ్రం చేసినందుకు 240, పురుగుల మందు కొట్టినందుకు 145, మొత్తం 385 డాలర్లు మా లెడ్జర్‌లో వేశామని. పురుగుల కథ తర్వాత చెబుతాను. అది చదివాక నాకు ముందు కోపం వచ్చింది, కాసేపటికి భయం పట్టుకుంది. రోజూ కుక్కర్ పెడతాం, చారు మరుగుతుంది, స్టాండ్ మీద బట్టలు ఆరేస్తాం. ఒకవేళ నిజంగానే మా తప్పేమో!

ఆ రాత్రి లీజు మొదటిసారి పూర్తిగా చదివాను. సంతకం పెట్టిన రోజు ఫోన్‌లో వేలితో పైకి తోసుకుంటూ, అడిగినచోటల్లా ఇనిషియల్ పెట్టిన బాపతు నేను. చివర్లో బూజు గురించి ఒక పేజీ, పురుగుల గురించి ఇంకో పేజీ విడిగా ఉన్నాయి. బూజు పేజీలో ఇల్లు శుభ్రంగా ఉంచాలి, బాత్రూమ్ ఫ్యాన్ వేయాలి, లీకు కనిపిస్తే వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి అని ఉంది. టైల్, ప్లాస్టిక్ లాంటి నీరు పీల్చని వాటి మీద చిన్న మచ్చలుంటే మనమే సబ్బునీళ్లతో కడుక్కోవాలి. షీట్‌రాక్ లాంటి పీల్చే గోడ మీద బూజు కనిపిస్తే మాత్రం మనం ముట్టుకోకూడదు, వాళ్లకి రాసి చెప్పాలి. ఈ నిబంధనలు పాటించక బూజు వస్తే ఖర్చు మనదే. అంటే ఆ పేజీ మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడింది: తేమ ఎక్కడి నుంచి వచ్చింది?

టెక్సాస్ చట్టం కూడా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. ప్రాపర్టీ కోడ్ 92వ అధ్యాయం ప్రకారం మామూలు అద్దెదారుడి ఆరోగ్యానికి, భద్రతకి గట్టిగా దెబ్బ తగిలే లోపాన్ని యజమాని బాగుచేయాలి. అదే అధ్యాయంలో, మామూలు అరుగుదల కాకుండా అద్దెదారుడో, వాళ్ల ఇంట్లోవాళ్లో, అతిథులో కలిగించిన లోపాన్ని బాగుచేసే బాధ్యత యజమానికి లేదని కూడా ఉంది. ఇందులో "మామూలు అద్దెదారుడు" అన్న మాట నాకు ఆలస్యంగా అర్థమైంది. మా పాపకి ఉబ్బసం ఉంది కాబట్టి కేసు గట్టిదనుకున్నాను. ఎవరికైనా ప్రమాదమే అని చూపించాలి తప్ప మా పాపకి మాత్రమే పడదంటే చాలదు. అందుకే ఆఫీసుకి పంపిన నోటీసు ఉత్తరంలో ఉబ్బసం సంగతి ఒక్క లైనులో ముగించి, తడి గోడ, కార్పెట్, మచ్చల కొలత మీదే రాశాను.

న్యూజెర్సీలో ఉండే మా పెదనాన్న కొడుకుతో చెబితే, "ఒరేయ్, అద్దె ఆపెయ్. వాళ్లే పరిగెత్తుకొస్తారు" అన్నాడు. అన్నయ్య చెప్పింది వాళ్ల ఊళ్లో కొంతవరకు నిజం. అక్కడ ఇల్లు నివాసయోగ్యంగా లేదన్న వాదన కోర్టు వింటుంది, ఆ అద్దె డబ్బు తెచ్చి కోర్టులో కట్టమంటుంది. టెక్సాస్ దారి వేరు. ఇక్కడి సుప్రీంకోర్టు 1978లో కామరాత్ వర్సెస్ బెనెట్ కేసులో అద్దె ఇల్లు నివాసయోగ్యంగా ఉండాలన్న బాధ్యతని గుర్తించింది. మరుసటి ఏడే శాసనసభ దాని స్థానంలో మెట్లు మెట్లుగా ఒక చట్టం పెట్టింది. ఆ మెట్లలో ఒకటేమిటంటే, నోటీసు ఇచ్చే రోజుకి అద్దె బాకీ ఉండకూడదు. అద్దె ఆపితే మన హక్కే పోతుంది, పైగా ఖాళీ చేయించే కేసు వాళ్ల చేతికిచ్చినట్టు.

ఇక్కడే లీజులో ఒక చిన్న ఉచ్చు కనిపించింది. మనం కట్టే డబ్బుని వాళ్లు ముందు అద్దె కాని బాకీలకి జమ చేసుకుని, మిగిలింది అద్దెకి జమ చేయొచ్చని ఒక వాక్యం ఉంది. అంటే ఆగస్టు 1న నేను 1,640 కడితే, ముందు 385 ఆ చార్జీలకి పోయి, అద్దెలో 385 తక్కువ పడుతుంది. నేను అద్దె ఎగ్గొట్టినవాణ్ణి అవుతాను! లీగల్ ఎయిడ్ ఫోన్ లైనులో మాట్లాడిన లాయరమ్మ ఈ సంగతి వినగానే, "మొత్తం కట్టెయ్యండి, ఆక్షేపణతో కడుతున్నానని రాసి కట్టండి, తర్వాత వెనక్కి అడుగుదాం" అంది. 2,025 కట్టాను. ఆ డబ్బు కడుతుంటే కడుపు మండిపోయింది.

ఆ నోటీసుని సర్టిఫైడ్ మెయిల్‌లో, అంటే మన రిజిస్టర్ పోస్టు లాంటిదాంట్లో, పంపమన్న సలహా కూడా ఆమెదే. మామూలుగా ఇక్కడ నోటీసు రెండుసార్లు ఇవ్వాలి. ఒకసారి చెప్పి, తగినంత సమయం గడిచాక రాతపూర్వకంగా మళ్లీ చెప్పాలి. మొదటి నోటీసే సర్టిఫైడ్ మెయిల్‌లోనో, ట్రాక్ చేయగలిగే ఇంకో పోస్టులోనో పంపితే రెండోది అక్కర్లేదు. జూలై 22 శనివారం పోస్టాఫీసుకి వెళ్లి, అద్దె కట్టే ఆఫీసు చిరునామాకే పంపాను. రిటర్న్ రసీదుతో కలిపి సుమారు 8 డాలర్లు. సోమవారం 24న ఉత్తరం అందినట్టు పచ్చ రసీదు కార్డు మీద వాళ్ల సంతకం పడింది. వాళ్లకి అందిన రోజు నుంచి ఏడు రోజులు తగినంత సమయం అని చట్టం అనుకుంటుంది. పరిస్థితిని బట్టి కోర్టు ఎక్కువో తక్కువో అనొచ్చు.

ఆ ఏడు రోజులూ నేను తేమ వెంట పడ్డాను. ముందు బూజు పరీక్ష చేయించాలనుకున్నాను. గాలిలో ఎన్ని బీజాలున్నాయో లెక్కపెట్టి రిపోర్టు ఇచ్చేవాళ్లు రెండు మూడు వందలు అడిగారు. కానీ గాలిలో ఇంతవరకు బూజు ఉండొచ్చు అన్న ప్రభుత్వ పరిమితి ఫెడరల్ స్థాయిలోనూ లేదు, టెక్సాస్‌లోనూ లేదు. రిపోర్టులో ఎంత పెద్ద అంకె వచ్చినా, "అయితే ఏంటి?" అని అడిగితే నా దగ్గర జవాబుండదు. నల్లగా కళ్లకి కనిపిస్తున్నదానికి మళ్లీ పరీక్ష దేనికి? ఆ డబ్బు మిగుల్చుకుని 12 డాలర్లకి తేమ కొలిచే చిన్న మీటరు, 30 డాలర్లకి గోడకి రెండు సూదులు గుచ్చి తడి చూపించే మీటరు కొన్నాను.

హాల్లో, వంటింటి పక్కన, చిన్న బెడ్‌రూమ్‌లో రోజుకి మూడుసార్లు తేమ రాసుకున్నాను. కుక్కర్ కూతలు ఆగాక వంటింటి దగ్గర 60 దాటేది, గంటలో 50కి దిగేది. మిగతా గదుల్లో 47 నుంచి 53 శాతం మధ్యే. 60 శాతం లోపు ఉంచమనేది ఈపీఏ మాట. ఇంటి గాలిలో అంత తేమేం లేదన్నమాట.

సూదుల మీటరు ఇంకా సూటిగా చెప్పింది. క్లోజెట్ వెనక గోడ కింద గుచ్చితే తడి అని అరిచేది. రెండడుగులు పైకి పోతే మామూలు. పక్క గోడలు పొడి. గాలిలో తేమ వల్ల వచ్చే బూజు చల్లటి చోట్ల పడుతుంది: కిటికీ అంచులు, బయటి గోడ మూలలు, పైకప్పు. మా బూజు నేల నుంచి పైకి ఎక్కుతోంది. గోడ అడుగున ఉండే బేస్‌బోర్డు చెక్క ఉబ్బి, మేకు దగ్గర పగిలింది. ఆ గోడకి అవతల ఏముంది? హాల్లో తాళం వేసి ఉండే చిన్న అల్మారా, అందులో ఏసీ యంత్రం.

అది తెలిశాక మళ్లీ రిక్వెస్ట్ పెట్టాను, ఈసారి "ఏసీ అల్మారాలో నీళ్లు" అని. 27న వచ్చినతను వేరే మనిషి, పెద్దాయన. తలుపు తీసి టార్చి వేయగానే తల ఊపాడు. కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కింద పళ్లెంలో పడి, సన్నటి పీవీసీ గొట్టంలోంచి బయటికి పోవాలి. టెక్సాస్ ఎండాకాలంలో అది రోజుకి బకెట్ల కొద్దీ వస్తుంది. గొట్టంలో బెల్లం పాకం లాంటి జిగురు పట్టేసింది. నీళ్లు పళ్లెం అంచు దాటి, నేల మీదుగా మా క్లోజెట్ గోడ కిందికి పోతున్నాయి. పళ్లెం నిండితే ఏసీని ఆపేసే చిన్న ఫ్లోట్ స్విచ్ ఉండాల్సిన చోట ఖాళీ. ఆయన వ్యాక్యూమ్‌తో గొట్టం లాగుతుంటే వీడియో తీసుకోవచ్చా అని అడిగాను. "తీసుకో, నాకేం" అన్నాడు. గడగడమని శబ్దం చేస్తూ ఆకుపచ్చ జిగురు ముద్దలుగా బయటికొచ్చింది. వర్క్ ఆర్డర్‌లో ఆయన ఏం రాశాడో పోర్టల్‌లో కనిపించింది: డ్రెయిన్ లైను మూసుకుపోయింది, పళ్లెం పొంగింది. నా లాగ్‌బుక్కు మొత్తం కంటే ఆ ఒక్క లైను విలువ ఎక్కువ.

గొట్టం బాగైంది గానీ గోడ అలాగే ఉంది. తడిసిన షీట్‌రాక్ కోసి తీయాలి, కార్పెట్ కింద మెత్త మార్చాలి. ఆఫీసు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆగస్టు 2న ఇంకో ఉత్తరం పంపాను: ఆలస్యం ఎందుకో రాతపూర్వకంగా వివరించండి అని. ఇది చాలామందికి తెలియని మెట్టు. మామూలుగా యజమాని బాధ్యత తప్పాడని నిరూపించాల్సింది మనమే. ఇలా రాసి అడిగాక, అందిన ఐదో రోజులోపు వాళ్లు రాతలో జవాబివ్వకపోతే, మేం శ్రద్ధగా ప్రయత్నించాం, ఇంకా తగినంత సమయం గడవలేదు అని నిరూపించే భారం వాళ్ల మీదికి పోతుంది. వాళ్లు జవాబివ్వలేదు.

మనమే బాగుచేయించి అద్దెలో తగ్గించుకుంటే పోదా అని మా ఆవిడ అడిగింది. ఇండియాలో ఉన్నప్పుడు మోటారు కాలిపోతే అలాగే చేశాం, ఓనరు ఫోన్‌లోనే సరే అన్నాడు. టెక్సాస్‌లోనూ ఆ దారి ఉంది గానీ, షరతులు బోలెడు. ఒక్కటి తప్పినా అద్దె ఎగవేతే. పైగా అది వాళ్ల గోడ, లోపల వైర్లున్నాయి. నాకు ధైర్యం చాల్లేదు.

10న, చిన్న కేసులు వినే జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులో మరమ్మతు కేసు వేశాను. ఫైలింగ్ ఫీజు 54 డాలర్లు, నోటీసు అందజేయడానికి వేరే. లాయరు అక్కర్లేదు. ఈ కోర్టు 20,000 డాలర్ల వరకు వింటుంది, బాగుచేయమని ఆదేశించగలదు, అద్దె తగ్గించగలదు, జరిగిన నష్టంతో పాటు ఒక నెల అద్దె, పైన 500 జరిమానా ఇప్పించగలదు. కేసు వేసిన 10 నుంచి 21 రోజుల మధ్య హాజరు తేదీ ఇవ్వాలి. మాకు 29 ఇచ్చారు. మా ఆవిడకి ఒకటే టెన్షన్: "ఖాళీ చేయమంటే వీసాతో, పాపతో ఎక్కడికి పోతాం?" మరమ్మతు అడిగినందుకో, సిటీకి ఫిర్యాదు చేసినందుకో ఆరు నెలల్లోపు కక్షతో ఖాళీ చేయించడం, అద్దె పెంచడం చట్టం ఒప్పుకోదని చెప్పాను. అయినా ఆ మూడు వారాలూ తను సరిగ్గా నిద్రపోలేదు.

ఇక బొద్దింకల సంగతి. ఇందులో మా తప్పు కొంత ఉంది. జూన్ మొదట్లోనే వంటింట్లో చిన్న బొద్దింకలు కనిపించాయి, తల వెనక రెండు నల్ల చారలుండే జర్మన్ రకం. ఆఫీసుకి చెబితే మన ఇల్లు మురికనుకుంటారని మా ఇద్దరికీ సిగ్గు. చెప్పకుండా పురుగుల మందు పొగ వదిలే డబ్బాలు తెచ్చి పెట్టాం. ఆ పొగ సందుల్లోకి చేరదు, అవి ఇంకా లోపలికి పోయి నక్కుతాయి. మూడు వారాలకి రెట్టింపయ్యాయి, అప్పుడు చెప్పాం. పురుగుల పేజీలో "కనిపించిన వెంటనే రాతపూర్వకంగా తెలపాలి" అని స్పష్టంగా ఉంది.

పెస్ట్ కంట్రోల్ అతను వచ్చినప్పుడు పొగ డబ్బాలు మానేయమని చెప్పి, జెల్ మందు చుక్కలు పెట్టి, జిగురు అట్టలు వేసి వెళ్లాడు. అట్టలకి నేను నంబర్లు రాశాను. వారం తర్వాత లెక్కపెడితే స్టవ్ దగ్గర 3, చెత్తబుట్ట దగ్గర 2, సింకు కింద పక్కింటి గోడలోకి గొట్టం పోయే కంత దగ్గర 31. అందులో సగం పిల్లలు. గూడు ఎటుందో ఆ అట్టే చెప్పింది. ఫొటో చూసి అతను తన సర్వీస్ రిపోర్టులో పక్క యూనిట్ కూడా చూడాలని రాశాడు.

28న, కోర్టుకి ముందురోజు, ఆఫీసు నుంచి కొత్త మేనేజర్ ఫోన్ చేసింది. వర్క్ ఆర్డర్, వీడియో, పచ్చ కార్డు, ఐదు రోజుల ఉత్తరం అన్నీ పంపాను. ఆమె వంట గురించి ఒక్క మాట ఎత్తలేదు. గంటసేపు బేరం. చివరికి రాసుకున్నదేమిటంటే: క్లోజెట్ గోడ రెండడుగుల ఎత్తు వరకు కోసి కొత్తది వేస్తారు, కార్పెట్ మెత్త మారుస్తారు, ఫ్లోట్ స్విచ్ పెడతారు, అన్నీ సెప్టెంబరు 8 లోపు. 240 వెనక్కి, కోర్టు ఖర్చులు వాళ్లవి, సగం నెల అద్దె 820 క్రెడిట్. పక్క యూనిట్‌కీ మందు కొడతారు. పురుగుల 145 మాత్రం నేను వదులుకున్నాను. అట్టల లెక్క నా వైపే ఉంది గానీ, మూడు వారాలు చెప్పకపోవడం, పొగ డబ్బాలు వాళ్ల వైపు ఉన్నాయి. కోర్టులో ఎటు తేలేదో! వదలకుండా పోరాడాల్సిందని అన్నయ్య ఇప్పటికీ అంటాడు.

గోడ కోసిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. వెనక వైపు కాగితం ముందు వైపు కంటే నల్లగా ఉంది. మొత్తం కొలిస్తే ఎనిమిది చదరపు అడుగుల లోపే. ఒకేచోట 25 చదరపు అడుగులు దాటితే టెక్సాస్‌లో లైసెన్సు ఉన్నవాళ్లే తీయాలి, మాది దాటలేదు కాబట్టి వాళ్ల మనుషులే చేశారు. ప్లాస్టిక్ తెర కట్టి చేయమని నేను అడిగితే విసుక్కుంటూనే కట్టారు.

చెప్పకూడదు గానీ, బాత్రూమ్ పైకప్పు మూలలో చిన్న చిన్న మచ్చలు ఇంకో కథ. అక్కడ నీళ్లు కారే గొట్టం ఏదీ లేదు. ఫ్యాన్ చప్పుడుకి పాప లేస్తుందని మేం వేసేవాళ్లం కాదు, బట్టల స్టాండు కూడా అందులోనే. అది అచ్చంగా మా ఆవిరే. పెయింటు నిగనిగలాడే రకం, నీరు పీల్చదు. స్టూలెక్కి సబ్బునీళ్లతో నేనే తుడిచాను. దాని గురించి ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. రాసి ఉంటే వాళ్లు ఆ మూలనే పట్టుకుని, క్లోజెట్ గోడని కూడా దాని ఖాతాలో వేసేవాళ్లు.

నవంబరులో రెన్యువల్ లీజు వచ్చింది. బూజు పేజీ అక్షరం మారలేదు. దాని కింద ఒక వాక్యం చేర్చమని అడిగాను: ఏసీ డ్రెయిన్ లైను ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయడం యాజమాన్యం పని. మేనేజర్ ఎవరికో ఫోన్ చేసి, పది నిమిషాలు ఆగి, పెన్నుతో రాసి ఇనిషియల్ వేసింది. ఈసారి ఫోన్‌లో కాకుండా కాగితం మీద, బల్ల ముందు కూర్చుని, ప్రతి పేజీ చదివి సంతకం పెట్టాను. నలభై నిమిషాలు పట్టింది. నా వెనక క్యూలో ఉన్న తెలుగు కుర్రాడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.